విమానం స్పిన్‌లో పడితే: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో డీజీసీఏ టెక్నికల్ జనరల్ పరీక్షకు చదువుకుంటూ నా దగ్గరకు వచ్చే విద్యార్థులు స్పిన్ గురించి అడిగే ప్రశ్నలు ఇవి. స్పిన్ నుంచి బయటపడే నాలుగు మెట్లను చాలామంది కంఠస్థం చేసుకునే వస్తారు. ఆ నాలుగు మెట్లను ఎప్పుడు వాడకూడదని అడిగితే మాత్రం తడబడతారు. స్పిన్‌లా కనిపించే స్పైరల్ డైవ్ అనే మరో స్థితి ఉంది. ఒకదానికి మందు రెండోదానికి విషం. అందుకే ఈ పేజీలో ఎక్కువ చోటు ఆ తేడాకే ఇచ్చాను. ఉదాహరణలన్నీ సెస్నా 152 అనే రెండు సీట్ల శిక్షణ విమానానివి. మీరు నడిపేది వేరే విమానమైతే దాని హ్యాండ్‌బుక్‌లో రాసిందే మీకు ప్రమాణం.

స్పిన్ అంటే ఏమిటి?

రెండు రెక్కలూ స్టాల్ అయి, వాటిలో ఒకటి రెండోదానికన్నా లోతుగా స్టాల్ అయినప్పుడు విమానం తనంతట తాను గిర్రున తిరుగుతూ దాదాపు నిట్టనిలువుగా దిగిపోవడమే స్పిన్. ఈ నిర్వచనంలో మొదటి భాగాన్ని గట్టిగా పట్టుకోండి. స్టాల్ లేకుండా స్పిన్ లేదు. ముక్కు నేలవైపు ఉంది, ప్రపంచం తిరుగుతోంది అన్నంత మాత్రాన అది స్పిన్ కాదు.

అది ఎలా మొదలవుతుంది?

ఎదురుగా వచ్చే గాలికీ రెక్కకూ మధ్య ఉండే కోణాన్ని ఆంగిల్ ఆఫ్ అటాక్ అంటాం. ఈ కోణం పెరిగేకొద్దీ విమానాన్ని పైకి మోసే బలం, అంటే లిఫ్ట్ కూడా పెరుగుతుంది, కానీ ఒక హద్దు వరకే. చిన్న శిక్షణ విమానాల్లో ఆ హద్దు సుమారు 16 నుంచి 18 డిగ్రీలు. అది దాటితే రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని సాగుతున్న గాలి విడిపోతుంది. లిఫ్ట్ పడిపోతుంది, గాలి వెనక్కి లాగే బలమైన డ్రాగ్ బాగా పెరుగుతుంది. అదే స్టాల్. రెండు రెక్కలూ సమానంగా స్టాల్ అయితే ముక్కు కిందికి వాలుతుంది, అంతే. అక్కడ స్పిన్ పుట్టదు.

స్పిన్ పుట్టాలంటే స్టాల్ అయ్యే క్షణంలో ముక్కు పక్కకు తిరుగుతూ ఉండాలి. ఈ పక్కకు తిరిగే కదలికను యా అంటారు. ముక్కు ఎడమకు తిరుగుతోందనుకుందాం. కుడి రెక్క బయటి దారిలో వేగంగా కదులుతుంది, ఎడమ రెక్క వెనకబడుతుంది. ఎడమ రెక్క లిఫ్ట్ తగ్గి కిందికి జారుతుంది. కిందికి జారే రెక్కకు గాలి మరింత అడుగు నుంచి తగులుతుంది కాబట్టి దాని ఆంగిల్ ఆఫ్ అటాక్ ఇంకా పెరుగుతుంది.

మామూలుగా ఎగురుతున్నప్పుడు ఇదే మనల్ని కాపాడుతుంది. జారే రెక్కకు కోణం పెరిగితే లిఫ్ట్ పెరుగుతుంది, ఆ పెరిగిన లిఫ్ట్ రెక్క జారుడును ఆపుతుంది. హద్దు దాటాక లెక్క తిరగబడుతుంది. కోణం పెరిగినకొద్దీ లిఫ్ట్ తగ్గుతుంది. కాబట్టి జారిన రెక్క ఇంకా జారుతుంది. దాని డ్రాగ్ కూడా రెండో రెక్కకన్నా ఎక్కువ కాబట్టి అది ముక్కును మళ్ళీ తనవైపే లాగుతుంది. యా వల్ల రెక్క జారింది, రెక్క జారడం వల్ల యా పెరిగింది. ఒకదాన్ని ఒకటి పోషించుకునే ఈ తిరుగుడును ఆటోరొటేషన్ అంటారు. ఒకసారి ఇది కుదురుకుంటే పైలట్ కొత్తగా ఏమీ చేయనక్కరలేదు. పైలట్ చేతిలోని కంట్రోల్ అయిన యోక్‌ను వెనక్కి లాగి పట్టుకుని ఉంటే చాలు, విమానం తిరుగుతూనే ఉంటుంది.

మొదటి రెండు చుట్ల వరకు, అంటే సుమారు 4 నుంచి 6 సెకన్ల పాటు, తిరుగుడు ఇంకా స్థిరపడదు. దీన్ని ఇన్సిపియెంట్ దశ అంటారు. ఆ తర్వాత తిరిగే వేగం, పడే వేగం, ముక్కు కోణం దాదాపు ఒకేలా కుదురుకుంటాయి. అది డెవలప్డ్ స్పిన్. ఇన్సిపియెంట్ దశలో కంట్రోల్స్ సరిగ్గా కదిపితే విమానం చాలా త్వరగా మాట వింటుంది. డెవలప్డ్ స్పిన్‌లో దానికి ఎక్కువ సమయం, ఎక్కువ ఎత్తు కావాలి.

నెమ్మదిగా ఎగిరితేనే స్పిన్ వస్తుందా?

కాదు. స్టాల్‌ను నిర్ణయించేది కోణం, వేగం కాదు. రెక్కలను 60 డిగ్రీలు పక్కకు వాల్చి, అంటే 60 డిగ్రీల బ్యాంకులో, ఎత్తు నిలబెట్టుకుంటూ తిరిగితే రెక్కలు విమానం బరువుకు రెట్టింపు మోయాలి. అప్పుడు స్టాల్ వేగం 1.41 రెట్లు అవుతుంది. తిన్నగా ఎగిరేటప్పుడు 40 నాట్ల దగ్గర స్టాల్ అయ్యే సెస్నా 152 ఆ మలుపులో 57 నాట్ల దగ్గరే స్టాల్ అవుతుంది. అక్కడ యా కూడా తోడైతే స్పిన్‌కు కావలసినవన్నీ చేరినట్టే.

స్పైరల్ డైవ్ అంటే ఏమిటి?

విశాఖలో ఉన్నవాళ్ళకు దీన్ని ఊహించుకోవడం తేలిక. మంచు పొగ కమ్మిన ఉదయం కైలాసగిరి మీద నిలబడి సముద్రం వైపు చూడండి. నీళ్ళు ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలయిందో గీత కనిపించదు. అలాంటి గాలిలో, లేదా చీకటి రాత్రి బంగాళాఖాతం మీద, పరికరాలు చూడకుండా విమానం నడిపే పైలట్‌కు ఒక రెక్క మెల్లగా వాలిన సంగతి ఒంటికి తెలియదు. చెవి లోపలి సమతుల్యత అవయవాలు అంత నెమ్మదైన వాలును పసిగట్టలేవు.

బ్యాంకు పెరిగితే లిఫ్ట్ పక్కకు ఒరుగుతుంది, ముక్కు వాలుతుంది, వేగం పెరుగుతుంది. పైలట్‌కు కనిపించేది ఎత్తు తగ్గడం, వేగం పెరగడం మాత్రమే. సహజంగానే యోక్ వెనక్కి లాగుతాడు. రెక్కలు వాలి ఉండగా లాగితే విమానం పైకి లేవదు. మలుపు ఇంకా బిగుస్తుంది, ముక్కు ఇంకా వాలుతుంది, వేగం ఇంకా పెరుగుతుంది. ఇదే స్పైరల్ డైవ్. ఇక్కడ రెక్కలు స్టాల్ కాలేదు, పూర్తి శక్తితో పనిచేస్తున్నాయి. విమానం పైలట్ చెప్పినట్టే చేస్తోంది, కాకపోతే చెబుతున్నదే తప్పు.

1999 జూలై 16 రాత్రి జాన్ ఎఫ్. కెనెడీ జూనియర్ నడిపిన పైపర్ సరటోగా అమెరికాలో మార్తాస్ వైన్‌యార్డ్ దీవి దగ్గర సముద్రంలో కూలింది. చీకటి, పొగమంచు, కింద నీళ్ళు. పైలట్‌కు దిశాభ్రాంతి కలగడం వల్ల విమానం అదుపు తప్పిందని అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. చివరి క్షణాల్లో అది కుడివైపు తిరుగుతూ నిమిషానికి 4,700 అడుగులకు మించిన వేగంతో దిగినట్టు రాడార్ నమోదుల్లో ఉంది.

లోపల కూర్చున్నవాడికి రెండూ ఒకేలా ఉంటాయి కదా, ఎలా గుర్తుపట్టాలి?

కిటికీలోంచి చూస్తే ఒకేలా ఉంటాయన్నది నిజమే. రెండింటిలోనూ ముక్కు కిందికే ఉంటుంది, నేల తిరుగుతుంది, ఆల్టిమీటర్ ముల్లు వేగంగా వెనక్కి పోతుంది. వీటిలో ఏదీ తేడా చెప్పదు. తేడా చెప్పేది ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్.

స్పిన్‌లో వేగం తక్కువగా ఉంటుంది, పెరగదు. ముల్లు స్టాల్ వేగం పరిసరాల్లోనే ఆడుతూ ఉంటుంది. స్టాల్ అయిన రెక్కల డ్రాగ్ అంత ఎక్కువ కాబట్టి ముక్కు నేలవైపు ఉన్నా విమానం వేగం పుంజుకోలేదు. స్పైరల్ డైవ్‌లో వేగం ఆగకుండా పెరుగుతూ ఉంటుంది. 90, 110, 130 అంటూ పసుపు గీతలోకి, దాన్ని దాటి ఎర్ర గీత వైపు పోతుంది. సెస్నా 152కు ఆ ఎర్ర గీత 149 నాట్ల దగ్గర ఉంటుంది.

రెండో గుర్తు మీ ఒళ్ళే. స్పైరల్ డైవ్ బిగిసేకొద్దీ సీటుకు అదుముకుపోతారు, బుగ్గలు కిందికి లాగినట్టు ఉంటుంది, చేయి ఎత్తాలంటే బరువనిపిస్తుంది. స్పిన్ కుదురుకున్నాక అంత భారం ఉండదు. పక్కకు విసిరినట్టు ఉంటుంది, కానీ నలిగిపోతున్నట్టు ఉండదు. చెవి కూడా సాయం చేస్తుంది. స్పైరల్‌లో గాలి హోరు, ఇంజిన్ రొద పెరుగుతూ పోతాయి. స్పిన్‌లో గాలి చప్పుడు తక్కువ, స్టాల్ హారన్ మోగుతూ ఉండవచ్చు.

కంట్రోల్స్ తీరు మూడో గుర్తు. స్పైరల్‌లో యోక్ బిగుసుగా, బలంగా ఉంటుంది. స్పిన్‌లో సడలిపోయినట్టు ఉంటుంది.

నేను విద్యార్థులకు ఒకే వాక్యం నేర్పుతాను: ముందు వేగం చదువు, తర్వాత చేయి కదుపు. ఆ ఒక్క చూపుకు ఒక సెకను పడుతుంది. ఆ సెకను లేకుండా మొదలుపెట్టిన రికవరీ సగం సార్లు తప్పు రికవరీ అయ్యే అవకాశం ఉంది.

పొరపాటు పడితే ఏమవుతుంది?

రెండు వైపులా విడిగా చూద్దాం.

స్పిన్‌లో ఉండి స్పైరల్ అనుకున్నారనుకోండి. స్పైరల్ రికవరీ ప్రకారం రెక్క చివర కదిలే పలక అయిన ఎయిలరాన్‌తో రెక్కలు సమం చేయబోతారు. స్పిన్ ఎడమకు తిరుగుతుంటే మీరు యోక్ కుడికి తిప్పుతారు. ఎడమ రెక్క ఎయిలరాన్ కిందికి దిగుతుంది. అప్పటికే లోతుగా స్టాల్ అయిన ఆ రెక్కకు అది ఇంకా కోణం చేరుస్తుంది. డ్రాగ్ పెరిగి ముక్కు ఇంకా ఎడమకు లాగబడుతుంది. తర్వాత డైవ్ నుంచి తేలడానికి యోక్ వెనక్కి లాగుతారు. అది స్టాల్‌ను నిలబెట్టి ఉంచుతుంది. మీరు రికవరీ చేస్తున్నామనుకుంటూ నిజానికి స్పిన్‌ను పోషిస్తున్నారు.

ఇక స్పైరల్‌లో ఉండి స్పిన్ అనుకున్నారనుకోండి. ముక్కును పక్కకు తిప్పే తోక పలక అయిన రడ్డర్‌ను ఎదురువైపు పూర్తిగా తొక్కుతారు, యోక్ ముందుకు నెడతారు. అప్పటికే వేగం 130 నాట్లు ఉంటే, సెస్నా 152లో కంట్రోల్స్‌ను చివరివరకు కదపడానికి హ్యాండ్‌బుక్ ఒప్పుకునే 104 నాట్లను మీరు ఎప్పుడో దాటేశారు. ఆ వేగంలో పూర్తి రడ్డర్ తోక మీద తట్టుకోలేని భారం వేయగలదు. యోక్ ముందుకు నెట్టడం వల్ల వేగం ఎర్ర గీత వైపు ఇంకా పరుగెత్తుతుంది.

స్పిన్ రికవరీ మెట్లు ఏమిటి? ఆ వరుస ఎందుకు?

పవర్, ఎయిలరాన్, రడ్డర్, ఆపై ముక్కును పైకీ కిందికీ కదిపే ఎలివేటర్. శిక్షణలో చాలాచోట్ల చెప్పే వరుస ఇదే.

మొదట థ్రాటిల్‌ను పూర్తిగా వెనక్కి లాగి ఇంజిన్‌ను ఐడిల్‌కు తేవాలి. ఇంజిన్ శక్తి ఉంటే స్పిన్‌లో ముక్కు పైకి లేచి తిరుగుడు బల్లపరుపు అయ్యే ప్రమాదం ఉంది. రికవరీ తర్వాత వచ్చే డైవ్‌లో వేగం మరీ త్వరగా పెరుగుతుంది కూడా. నేల దగ్గరవుతుంటే పవర్ పెంచాలని మనసు చెబుతుంది. ఇక్కడ ఆ మాట వినకూడదు.

రెండోది, ఎయిలరాన్లను మధ్యకు తేవాలి. ఎందుకో పై జవాబులో చెప్పాను. మధ్యకు వచ్చిందని అనుకోవడం చాలదు, యోక్‌ను కళ్ళతో చూసి సరిచూసుకోండి. భయంలో చేతులు తమకు తెలియకుండానే తిరుగుడుకు ఎదురు తిప్పుతాయి.

మూడోది, తిరుగుతున్న దిశకు ఎదురు రడ్డర్‌ను చివరివరకు తొక్కి పట్టుకోవాలి. ఎడమకు తిరుగుతుంటే కుడి పెడల్. సగం తొక్కడం కాదు, ఆగేదాకా తొక్కాలి. ఆటోరొటేషన్ గొలుసులో యా ఒక కొక్కెం, దాన్ని తెంపేది ఇదే.

నాలుగోది, రడ్డర్ చివరికి చేరిన వెంటనే యోక్‌ను ముందుకు చురుగ్గా, స్టాల్ తెగేంత వరకు నెట్టాలి. ఇది రెండో కొక్కెం. కోణం హద్దు లోపలికి వస్తేనే రెక్కలు మళ్ళీ పనిచేస్తాయి. ముక్కు అప్పటికే నేలను చూస్తుండగా ఇంకా కిందికి నెట్టడం మనసుకు ఎంతమాత్రం నచ్చదు. విద్యార్థులు తొలిసారి సరిగ్గా ఇక్కడే వెనకాడతారు. గుర్తుపెట్టుకోవలసింది ఒకటే: ముక్కు ఎటు చూస్తోందన్నది కాదు, గాలి రెక్కకు ఏ కోణంలో తగులుతోందన్నదే లెక్క.

రడ్డర్ కన్నా ముందు ఎలివేటర్ ఎందుకు కాదని తెలివైన విద్యార్థులు అడుగుతారు. కారణాలు రెండు. చాలా విమానాల్లో ఎలివేటర్ కిందికి దిగితే దాని వెనకాల చెదిరిన గాలి రడ్డర్‌లో కొంత భాగాన్ని కప్పేస్తుంది, రడ్డర్ బలం తగ్గుతుంది. పైగా యా ఆగకముందే ముక్కును కిందికి తెస్తే తిరిగే వేగం ఒక్కసారి పెరగవచ్చు.

తిరుగుడు ఆగేదాకా ఈ కంట్రోల్స్ అలాగే పట్టుకుని ఉండాలి. ఆగిన క్షణంలో రడ్డర్‌ను మధ్యకు తేవాలి. ఆలస్యం చేస్తే, ముఖ్యంగా యోక్ మళ్ళీ వెనక్కి వస్తున్నప్పుడు, అటువైపు స్పిన్ మొదలవుతుంది. ఇక మిగిలింది నిటారు డైవ్. దాన్నుంచి మెత్తగా, స్థిరంగా యోక్ లాగి తేలాలి. కంగారుగా గుంజితే మళ్ళీ స్టాల్. ముక్కు క్షితిజానికి వచ్చాకే పవర్ ఇవ్వాలి.

ఫ్లాప్స్ కిందికి దించి ఉంటే వాటిని పైకి తీయాలి. డైవ్‌లో పెరిగే వేగం వాటిని దెబ్బతీయగలదు. సెస్నా 152లో ఫ్లాప్స్ దించి కావాలని స్పిన్ చేయడం నిషేధం.

స్పైరల్ డైవ్ నుంచి ఎలా బయటపడాలి?

థ్రాటిల్ వెనక్కి. ఎయిలరాన్, రడ్డర్ కలిపి వాడి రెక్కలు సమం చేయాలి. ఆ తర్వాతే యోక్‌ను మెత్తగా లాగి డైవ్ నుంచి తేలాలి. రెక్కలు సమం కాకముందే లాగితే మలుపు బిగుస్తుందని, రెక్కల మీద భారం పెరుగుతుందని చెప్పుకున్నాం. విమానం గాలిలోనే విరిగిపోవడానికి చాలాసార్లు కారణం ఈ తొందరే. వేగం బాగా పెరిగి ఉంటే రెక్కలు సమం కాగానే ముక్కు దానంతట అదే పైకి లేవబోతుంది. అప్పుడు లాగడం కాదు, కొంచెం ముందుకు అదిమి పట్టుకోవలసి రావచ్చు.

ఒక స్పిన్‌కు ఎంత ఎత్తు ఖర్చవుతుంది?

సెస్నా 152 హ్యాండ్‌బుక్ ఒక చుట్టు స్పిన్‌కూ దాని రికవరీకీ కలిపి కనీసం 1,000 అడుగులు కేటాయించమంటుంది. ఆరు చుట్లకు అందుకు రెట్టింపుకన్నా కొంచెం ఎక్కువ పట్టవచ్చంటుంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. అదనపు ఐదు చుట్లకు పట్టింది సుమారు 1,000 అడుగులు, అంటే ఒక్కో చుట్టుకు 200 చిల్లర. మరి మొదటి చుట్టుకు 1,000 ఎందుకు? అందులో ఎక్కువ భాగం తిరుగుడు ఆగాక డైవ్ నుంచి తేలడానికే పోతుంది. తిరుగుడును ఎంత చురుగ్గా ఆపినా ఆ ఖర్చు తప్పదు. అన్ని విమానాలూ ఇంత పొదుపుగా ఉండవు. ఒక్కో చుట్టుకు దాదాపు 500 అడుగులు పోగొట్టుకునేవి ఉన్నాయి.

1,000 అడుగులంటే సుమారు 300 మీటర్లు. సింహాచలం అప్పన్న గుడి సముద్రమట్టం నుంచి దాదాపు అంత ఎత్తులో ఉంది. తీరంలో నిలబడి ఆ కొండ వైపు చూస్తే ఒక్క చుట్టు స్పిన్ మింగే ఎత్తు ఎంతో కంటికి తెలుస్తుంది.

సాధన ఎలా సాగుతుందో చూద్దాం. ఇన్‌స్ట్రక్టర్‌తో 6,000 అడుగుల ఎత్తున ఉన్నారు. కింద, చుట్టూ వేరే విమానం లేదని చూసుకునే మలుపులు తిరిగారు. థ్రాటిల్ ఐడిల్, ఎత్తు పోకుండా ముక్కు మెల్లగా పైకి. హారన్ మోగింది. స్టాల్‌కు కాస్త ముందు యోక్ పూర్తిగా వెనక్కి, ఎడమ రడ్డర్ పూర్తిగా. ఎడమ రెక్క జారింది, ముక్కు వాలుతూ నేలవైపు తిరిగింది. వేగం చూశారు: తక్కువగానే ఉంది, పెరగడం లేదు. స్పిన్ నిజం. ఒక చుట్టు పూర్తి అవుతుండగా పవర్ ఐడిల్‌లోనే ఉందని, ఎయిలరాన్ మధ్యలో ఉందని చూశారు. కుడి రడ్డర్ చివరివరకు, వెంటనే యోక్ ముందుకు. తిరుగుడు ఆగింది, రడ్డర్ మధ్యకు. ఇప్పుడు వేగం పెరగడం మొదలైంది, అది మంచి వార్త, రెక్కలు మళ్ళీ పనిచేస్తున్నాయి. మెత్తగా లాగి తేలేసరికి ఆల్టిమీటర్ 5,000 దగ్గర ఉంటుంది. ఆ హ్యాండ్‌బుక్ వీలైన చోటల్లా నేల నుంచి 4,000 అడుగులు, ఆపైన రికవరీ పూర్తయ్యేలా మొదలుపెట్టమని చెబుతుంది.

మరి దిగేటప్పుడు స్పిన్ వస్తే?

దిగేముందు ఆఖరి మలుపులో, నేల నుంచి 500 అడుగుల ఎత్తున ఉన్నారనుకోండి. వెనక నుంచి గాలి తోయడంతో రన్‌వే గీతను దాటేశారు. బ్యాంకు పెంచడానికి భయపడి ఎడమ రడ్డర్ కొంచెం తొక్కి ముక్కును లోపలికి తిప్పారు. బయటి రెక్క వేగం పుంజుకుని బ్యాంకు పెరగబోయింది. దాన్ని ఆపడానికి యోక్ కుడికి తిప్పారు. దాంతో ఎడమ ఎయిలరాన్ కిందికి దిగి లోపలి రెక్క కోణం పెరిగింది. ముక్కు వాలుతుంటే యోక్ వెనక్కి లాగారు. ఇప్పుడు స్పిన్‌కు కావలసిన రెండూ, హద్దు దాటబోయే కోణమూ లోపలికి లాగే యా కూడా, మీ చేతులూ కాళ్ళే సమకూర్చాయి. లోపలి రెక్క ఒక్కసారిగా కిందికి పడుతుంది.

రికవరీకి 1,000 అడుగులు కావాలి, ఉన్నవి 500. ఇక్కడ పై నాలుగు మెట్లను ఎంత బాగా నేర్చుకున్నా ఎత్తు చాలదు. ఈ స్పిన్‌ను పుట్టకముందే ఆపాలి. మలుపును చూపే పరికరమైన టర్న్ కోఆర్డినేటర్ కింది బంతి మలుపు బయటివైపు, అంటే ఈ ఎడమ మలుపులో కుడికి, జరిగి ఉంటుంది. యోక్ ఒకవైపు, రడ్డర్ మరోవైపు ఉంటాయి. ఈ రెండూ కనిపించిన క్షణం వెనక్కి లాగిన ఒత్తిడి వదిలి, రెక్కలు సమం చేసి, పవర్ ఇచ్చి గో అరౌండ్ చేయాలి, అంటే దిగడం మానేసి మళ్ళీ పైకి లేవాలి. రన్‌వేను మళ్ళీ అందుకోవచ్చు.

ఎటు తిరుగుతోందో తెలియకపోతే?

టర్న్ కోఆర్డినేటర్‌లోని బుల్లి విమానం ఎటు వాలితే అటే తిరుగుతున్నట్టు. దాని కింద ఉన్న బంతిని మాత్రం నమ్మకండి. స్పిన్‌లో అది పానెల్‌లో ఎక్కడ అమర్చి ఉందన్నదాన్ని బట్టి జరుగుతుంది, దిశ చెప్పదు. యాటిట్యూడ్ ఇండికేటర్ కూడా తలకిందులై ఉండవచ్చు.

ఈ రికవరీని ఎవరు కనిపెట్టారు?

స్పిన్‌లో పడి, రడ్డర్‌తో బయటపడి, తాను ఏం చేశాడో చెప్పగలిగిన తొలి పైలట్లలో బ్రిటిష్ నౌకాదళ లెఫ్టినెంట్ విల్ఫ్రెడ్ పార్క్ ప్రసిద్ధుడు. 1912 ఆగస్టు 25న సాలిస్‌బరీ మైదానంలో ఏవ్రో బైప్లేన్ నడుపుతుండగా అది తిరుగుతూ పడిపోయింది. అప్పటివరకు అందరూ అనుకున్న పద్ధతులు ఫలించలేదు. చివరి ప్రయత్నంగా ఎదురు రడ్డర్ పూర్తిగా తొక్కాడు. నేలకు సుమారు 50 అడుగుల పైన విమానం దారికి వచ్చింది. దాన్ని చూసినవాళ్ళు పార్క్స్ డైవ్ అని పేరుపెట్టి చర్చించారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఫార్న్‌బరోలో జరిగిన పరీక్షలతో ఆ అనుభవం వెనక ఉన్న శాస్త్రం స్పష్టమైంది.

విమానం వెనక భాగంలో బరువు ఉంటే తేడా వస్తుందా?

చాలా వస్తుంది. గురుత్వ కేంద్రం వెనక్కి జరిగేకొద్దీ ముక్కు కిందికి రాదు, స్పిన్ బల్లపరుపు అవుతుంది, ఎలివేటర్‌కు స్టాల్ తెంపే బలం మిగలదు. హద్దు దాటి వెనక్కి బరువు పెట్టిన విమానంలో పై మెట్లన్నీ సరిగ్గా చేసినా పనిచేయకపోవచ్చు. బరువు ముందుకు ఉంటే దీనికి వ్యతిరేకం. స్పిన్ కొన్ని చుట్ల తర్వాత తనంతట తానే స్పైరల్‌గా మారిపోవచ్చు. అంటే ఒకే పడిపోవడంలో మొదట ఒక స్థితి, తర్వాత మరొకటి. వేగం పెరగడం చూసిన వెంటనే మీ చేతులు కూడా స్పైరల్ రికవరీకి మారాలి.

చేతులు వదిలేస్తే విమానమే బయటపడుతుందా?

కొన్ని విమానాలు కొన్ని పరిస్థితుల్లో బయటపడతాయి. మీ విమానం, ఈ రోజు బరువుతో, ఈ చుట్టులో బయటపడుతుందన్న హామీ లేదు. హ్యాండ్‌బుక్‌లో ఆ పద్ధతి రాసి ఉంటే తప్ప దానిమీద ఆధారపడకండి.

పారాచూట్ ఉన్న విమానాల్లో కూడా ఇవే మెట్లా?

సిర్రస్ ఎస్ఆర్20, ఎస్ఆర్22 విమానాల హ్యాండ్‌బుక్‌లో స్పిన్‌కు ఆమోదించిన పద్ధతి ఒకటే: మొత్తం విమానాన్ని మోసే పారాచూట్‌ను తెరవడం. ఆ విమానం నడిపేవారికి పైన రాసిన వరుస వర్తించదు.

మనం ఎక్కే పెద్ద విమానాలకు ఈ ప్రమాదం ఉందా?

విశాఖ నుంచి హైదరాబాద్ వెళ్ళే ప్రయాణికులు ఈ ప్రశ్న అడుగుతుంటారు. ఆ విమానాలను స్పిన్‌లో పరీక్షించరు. వాటి రక్షణంతా స్టాల్ దాకా రానివ్వకపోవడంలోనే ఉంది. యోక్ వణికించి హెచ్చరించే యంత్రాలు, కోణం హద్దు దాటనివ్వని కంప్యూటర్లు అందుకే. అయినా స్టాల్ అసాధ్యం కాదు. 2009 జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ 447 అట్లాంటిక్ మీద 38,000 అడుగుల దగ్గర స్టాల్ అయి, ముక్కు పైకి ఉండగానే నీళ్ళ దాకా పడిపోయింది. అది స్పిన్ కాదు. కానీ ఈ పేజీలో చెప్పిన తప్పు అక్కడా జరిగింది. స్టాల్ అయిన రెక్కలతో, పైకి లేవాలని కంట్రోల్‌ను వెనక్కి లాగి పట్టుకున్నారు.

ఇంట్లో కంప్యూటర్ సిమ్యులేటర్‌లో స్పిన్ సాధన చేయవచ్చా?

స్పిన్ తీరును అవి సరిగ్గా చూపవు. స్టాల్ దాటిన రెక్క మీద గాలి ప్రవర్తనను అంత చిన్న లెక్కలతో అనుకరించడం కష్టం. ఒళ్ళు తిరిగే అనుభూతి ఎలాగూ ఉండదు. స్పైరల్ డైవ్‌ను మాత్రం అక్కడ బాగా సాధన చేయవచ్చు. వాతావరణాన్ని పొగమంచుకు మార్చి, కళ్ళు మూసుకుని పక్కవారిని విమానాన్ని ఏదో ఒక వింత స్థితిలో పెట్టమనండి. కళ్ళు తెరిచి మొదట వేగం ఎంత, పెరుగుతోందా తగ్గుతోందా అని పైకి చెప్పండి. ఆ తర్వాతే యోక్ ముట్టుకోండి. స్పిన్ కోసం మాత్రం, స్పిన్‌కు ఆమోదం ఉన్న విమానంలో, అది నేర్పిన అనుభవం ఉన్న ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చోవలసిందే.